రాత్రి పెరుగు మీద మోపిన రెండు అబద్ధాలు



మన కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. వ్యాయామశాలకు వెళ్ళే మనవడు అంటాడు: "పడుకునే ముందు కేసీన్ పడకపోతే రాత్రంతా కండ కరిగిపోతుంది, తెల్లారేసరికి చేసిన కసరత్తంతా వృథా." అదే ఇంట్లో అవ్వ అంటుంది: "రాత్రిపూట పెరుగు తినగూడదురా, కఫం చేస్తుంది, నిద్ర పట్టదు." మనవడు డబ్బా పొడి కొంటాడు. తాత రాత్రి పెరుగన్నం మానేస్తాడు. ఒకడికి డబ్బు పోతుంది, మరొకడికి ఉన్న కొద్దిపాటి మాంసకృత్తులూ పోతాయి.

ఈ రెండు మాటలూ చెప్పినంత గట్టిగా నిలబడవని ఈ వ్యాసంలో నిరూపించదలచాను. కండరం మరమ్మతుకు కావలసింది నిద్రకు ముందు తాగే ఒక గ్లాసు కాదు. రోజు మొత్తంలో కడుపులో పడిన మాంసకృత్తుల లెక్క. నిద్రను చెడగొట్టేది చాలామందిలో పాలూ కాదు, పెరుగూ కాదు. వాటిని ఎంత, ఎప్పుడు, దేనితో కలిపి తీసుకొని, ఎంతసేపటికి నడుము వాల్చారన్నదే అసలు సంగతి.

కేసీన్ కథలో నిజమెంత

మొదట వ్యాయామశాల వాదానికి దక్కవలసిన గౌరవం ఇద్దాం. అది గాలిలోంచి పుట్టిన మాట కాదు.

పాలలోని మాంసకృత్తుల్లో ఐదింట నాలుగు వంతులు కేసీన్. మిగిలినది, పాలు విరిగినప్పుడు తేటనీటిలో మిగిలిపోయేది, వే. కేసీన్ జఠరంలోని ఆమ్లం తగలగానే గడ్డకడుతుంది. పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో మన ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కర లేదు. కడుపులో జరిగేదీ దాదాపు అదే. గడ్డకట్టిన పదార్థం నెమ్మదిగా కరుగుతుంది, దాని నుంచి అమైనో ఆమ్లాలు గంటల తరబడి కొద్దికొద్దిగా రక్తంలోకి చేరుతూంటాయి. వే మాత్రం త్వరగా చేరి త్వరగా తగ్గిపోతుంది. ఈ తేడాను 1997లో ఫ్రాన్సులో బోయిరీ బృందం స్పష్టంగా చూపింది. రాత్రి ఏడెనిమిది గంటల ఉపవాసానికి నెమ్మదైన మాంసకృత్తు సరిపోతుందన్న ఊహ అక్కడినుంచే బయలుదేరింది.

ఆ ఊహను 2012లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ శాస్త్రజ్ఞులు పరీక్షించారు. 16 మంది ఆరోగ్యవంతులైన యువకుల చేత రాత్రి 8 గంటలకు బరువుల కసరత్తు చేయించారు. ముగియగానే అందరికీ మాంసకృత్తులు, పిండిపదార్థం కలిపిన పానీయం ఇచ్చారు. తరువాత రాత్రి పదకొండున్నరకు సగంమందికి 40 గ్రాముల కేసీన్, మిగతావారికి అది లేని పానీయం ఇచ్చారు. రాత్రంతా కండరంలో కొత్త మాంసకృత్తు తయారయ్యే వేగాన్ని కొలిస్తే, కేసీన్ తాగినవారిలో అది సుమారు 22 శాతం ఎక్కువగా ఉన్నది. నిద్రలో కూడా జీర్ణకోశం పనిచేస్తుందనీ, తిన్నది కండరానికి అందుతుందనీ దీనివల్ల రుజువైంది. ఇంతవరకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

అభ్యంతరమల్లా దీనినుంచి లాగిన తీర్మానం మీద. 22 శాతం పెరిగింది కండ కాదు, ఒక్క రాత్రిలో కండరం తయారయ్యే వేగం. ఆ వేగం నెలల తరబడి నిలిచి కండగా మారుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబుగా చూపేది 2015 నాటి మరో పరిశోధన. 44 మంది యువకులు 12 వారాలు కసరత్తు చేశారు. రాత్రి పడుకునే ముందు 27.5 గ్రాముల మాంసకృత్తు తాగినవారికి కండా, బలమూ కొంత ఎక్కువ పెరిగాయి. ఇదే వ్యాయామశాలల గోడలమీదికి ఎక్కిన ఫలితం. అయితే రెండవ జట్టుకు ఆ మాంసకృత్తు పగలు కూడా ఇవ్వలేదు, అసలు ఇవ్వనేలేదు. ఒక జట్టు రోజుకు కిలో శరీర బరువుకు 1.9 గ్రాములు తిన్నది, రెండవది 1.3 గ్రాములే తిన్నది. అలాంటప్పుడు గెలిచినది రాత్రి వేళా, లేక ఎక్కువ తిన్న తిండా? ఆ పరీక్ష ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

జవాబు చెప్పేందుకు ప్రయత్నించినవి తరువాత వచ్చాయి. 2018లో అమెరికాలో ఒక చిన్న పరిశోధనలో 35 గ్రాముల కేసీన్‌ను కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చి, పది వారాలు కసరత్తు చేయించారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో అదే మాస్ట్రిక్ట్ బృందం పడుకునే ముందు కేసీన్ ఇచ్చినవారినీ, వే ఇచ్చినవారినీ పోల్చింది. రెండూ రాత్రి కండరానికి ఒకే విధంగా ఉపయోగపడ్డాయి. అంటే "నెమ్మదిగా కరిగేది గనుక రాత్రికి కేసీనే కావాలి" అన్న మూల వాదమే అక్కడ తేలిపోయింది.

ఇంకొక మాట. నెమ్మదితనం కేసీన్‌కు మాత్రమే ఉన్న వరం కాదు. సంగటి ముద్ద, పప్పు, చెనిగ్గింజల ఊరుబిండి, చివర మజ్జిగ కలిసిన భోజనం కడుపులో ఒక్క గంటలో ఖాళీ కాదు. పిండి, పీచు, కొవ్వు, మాంసకృత్తు కలిసి ఉన్న ఆ భోజనం నుంచి గంటల తరబడి పోషకాలు రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. తొమ్మిదికి భోజనం చేసి పదిన్నరకు పడుకున్నవాడు ఉపవాసంతో పడుకోవడం లేదు. అతని కండ ఆ రాత్రి కరిగిపోతుందని భయపెట్టడం వ్యాపారం.

నలభై గ్రాములంటే ఎన్ని గ్లాసులు

పరిశోధనల్లో వాడినది నీటిలో కలిపిన శుద్ధమైన పొడి. మన వంటింట్లో ఉన్నది పాలు, పెరుగు. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం మొదటి మోసం.

నూరు మిల్లీలీటర్ల పాలలో మాంసకృత్తులు సుమారు మూడున్నర గ్రాములు. గేదె పాలలో కొద్దిగా ఎక్కువ. పావు లీటరు గ్లాసులో ఎనిమిది, తొమ్మిది గ్రాములు, అందులో కేసీన్ ఏడు గ్రాములు. నూరు గ్రాముల పెరుగులో మూడు గ్రాముల పైచిలుకు. కాబట్టి పరిశోధనలో ఇచ్చిన 40 గ్రాముల కేసీన్ పాలనుంచి రావాలంటే పడుకునే ముందు లీటరున్నరకు కొంచెం తక్కువగా తాగాలి. అవి గేదె పాలైతే వాటితోపాటు తొంభై గ్రాముల వెన్న కూడా కడుపులోకి పోతుంది. ఏ వైద్యుడైనా రాత్రి పదకొండింటికి అలా తాగమంటాడా? పనీరు తిందామంటే రెండు వందల గ్రాములు తినాలి, దాని కొవ్వూ తక్కువేమీ కాదు.

వృద్ధుల విషయంలో ఈ పరిమాణం మరీ ముఖ్యం. 2017లో 48 మంది వృద్ధుల మీద చేసిన పరిశోధనలో పడుకునే ముందు 40 గ్రాముల కేసీన్ ఇచ్చినప్పుడు రాత్రి కండర నిర్మాణవేగం పెరిగింది. 20 గ్రాములకు స్పష్టమైన తేడా కనబడలేదు. మరుసటి ఏడు మరొక పరిశోధనలో కసరత్తు చేసే వృద్ధులకు 12 వారాలు, కసరత్తు తరువాత, పడుకునే ముందు, ఇరవయ్యొక్క గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. కసరత్తు వల్ల అందరికీ బలం పెరిగింది. అదనపు మాంసకృత్తు వల్ల అంతకుమించి ఏమీ రాలేదు. ఇరవై గ్రాములకే ఇంత మాత్రం ఫలితమైతే, ఏడు గ్రాముల కేసీన్ ఉన్న ఒక గ్లాసు పాలతో రాత్రికి రాత్రి కండ వస్తుందని ఎలా నమ్ముతాం?

దీని అర్థం గ్లాసు పాలు పనికిరావని కాదు. ఎనిమిది గ్రాముల మాంసకృత్తు ఎనిమిది గ్రాములే. పొద్దున తాగినా, రాత్రి తాగినా రోజు లెక్కలో చేరుతుంది. దానికి రాత్రివేళ ప్రత్యేక మహిమ అంటగట్టవద్దన్నదే నా వాదం.

లోటు రాత్రిలో లేదు, రోజులో ఉంది

ఇప్పుడు ఒక ఉదాహరణ లెక్కవేద్దాం. నంద్యాల పక్కనుంచో, ఎర్రగుంట్ల నుంచో వచ్చి కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకు తయారవుతున్న ఇరవై రెండేళ్ళ యువకుణ్ణి ఊహించండి. బరువు 60 కిలోలు. సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు మైదానంలో 1600 మీటర్ల పరుగు, తరువాత గుంజీళ్ళు, బస్కీలు. ఆదివారం తప్ప మాంసం లేదు.

ఉదయం ఉగ్గాని, పుట్నాల పొడితో: ఏడెనిమిది గ్రాములు. మధ్యాహ్నం రెండు వందల గ్రాముల బియ్యపు అన్నం, పలచని పప్పు, మజ్జిగ: ఇరవై మూడు, ఇరవై నాలుగు. రెండుసార్లు టీలోని పాలు: మూడు. రాత్రి సంగటి, ఊరుబిండి, మజ్జిగ: పద్ధెనిమిది. మొత్తం సుమారు 52 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ సామాన్య వయోజనులకు చెప్పిన ప్రమాణం కిలోకు 0.83 గ్రాములు. అంటే ఇతనికి 50. గీత దాటినట్టే కనబడుతుంది. కాని ఇతడు సామాన్యంగా కూర్చునేవాడు కాడు. కండ పెంచే కసరత్తు చేసేవారికి కిలోకు 1.6 గ్రాముల వరకు లాభం కనబడుతుందని పరిశోధనల సారాంశం. అంటే 96 గ్రాములు. ఇతని లోటు నలభై గ్రాములకు పైగా ఉంది. పైగా తినేదానిలో అధికభాగం బియ్యం, రాగులది. ధాన్యంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ గనుక ఆ మాంసకృత్తు నాణ్యత కూడా తక్కువే.

ఇలాంటి యువకుడు రాత్రి రెండు చెంచాల పొడి తాగితే నెల రోజుల్లో తప్పకుండా మార్పు కనిపిస్తుంది. అతడు అది రాత్రి మహిమ అనుకొంటాడు. నిజానికి నలభై గ్రాముల గుంట పూడింది, అంతే. ఆ గుంట ఏ వేళ పూడ్చినా పూడేదే.

పొడి లేకుండా పూడ్చి చూపిస్తాను. ఉదయం రెండు కోడిగుడ్లు: 12 గ్రాములు. మధ్యాహ్నం పలచని పప్పుకు బదులు గట్టిపప్పు, అంటే పాతిక గ్రాముల కందిపప్పు స్థానంలో యాభై: అదనంగా 5 గ్రాములు. మజ్జిగ బదులు రెండు వందల గ్రాముల గట్టిపెరుగు: అదనంగా 4. మైదానం నుంచి రాగానే, ఏడింటికి, యాభై గ్రాముల ఎండు శనగలో, ఉలవలో నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్ళు: 10. ఎనిమిదిన్నరకు భోజనంతోపాటు ఒక గ్లాసు పాలు: 8. మొత్తం 39 గ్రాములు. ఇప్పుడు అతని రోజు లెక్క తొంభై దాటింది. పప్పుధాన్యంలో, పాలలో, గుడ్డులో లైసీన్ పుష్కలం గనుక సంగటి లోపం కూడా తీరింది. గుడ్డు తిననివారు ఆ స్థానంలో చెనక్కాయలు ఒక పిడికెడు, మరొక గ్లాసు పాలు వేసుకోవచ్చు. పడుకునే ముందు తినవలసింది ఏమీ మిగలలేదు.

కండ కోసం పొడి డబ్బాలు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా చెప్పాయి. మన శనగలు, ఉలవలు, కందులు ఈ మెట్టభూమిలోనే పండుతాయి. ఉలవలు పశువులకు దాణా అని పక్కనబెట్టి, అదే పశువు పాలనుంచి తీసిన పొడిని ఎన్నో రెట్ల ధర పెట్టి కొనడం కంటే విడ్డూరం ఉందా?

నిద్రను చెడగొట్టేది ఏది

ఇక అవ్వ వాదం. రాత్రివేళ పెరుగు తినరాదన్న నియమం చరక సంహితలో ఉన్న మాట నిజమే. దాన్ని నేను ఎగతాళి చేయను. కాని మన సీమలో ఎన్ని తరాలుగా రాత్రి భోజనం చివరి ముద్ద మజ్జిగతోనో, పెరుగుతోనో తినలేదు? తిన్నవారందరికీ నిద్ర కరవైందా?

పడుకునే ముందు మాంసకృత్తు ఇచ్చిన పరిశోధనల్లో నిద్రను గమనించినవి ఉన్నాయి. నిద్ర పట్టడానికి ఎక్కువ సేపు పట్టడం గాని, నిద్ర నాణ్యత తగ్గడం గాని వాటిలో సాధారణంగా కనబడలేదు. పాలలోని ట్రిప్టోఫాన్ వల్ల గాఢనిద్ర వస్తుందన్న ప్రచారం కూడా అంతే బలహీనం. ఒక గ్లాసులో ఉండేది కొద్ది మోతాదు. మెదడులోకి చేరడానికి అది ఇతర అమైనో ఆమ్లాలతో పోటీపడాలి. వేడిపాలు తాగితే నిద్ర వస్తుందనేవారికి వచ్చేది చాలావరకు అలవాటు సుఖం.

అయితే ఆ పరిశోధనల్లో పాల్గొన్నవారు ఎక్కువగా ఆరోగ్యవంతులు. వారు తాగినది కొవ్వు లేని పొడి కలిపిన నీరు. మన రాత్రి అలా ఉండదు. తొమ్మిదిన్నరకు ఎర్రకారం వేసిన కూరతో కడుపునిండా సంగటి, దానిమీద మీగడ పెరుగు, చక్కెర వేసిన గేదె పాలు, పదింటికి వెల్లకిలా పడక. ఇక్కడ నిద్ర చెడితే దానికి నాలుగైదు కారణాలు ఉండవచ్చు. వాటిని విడదీయడం కష్టం కాదు. ఎలా మేలుకొన్నారన్నదే కారణాన్ని చెబుతుంది.

పడుకోగానే రొమ్ము వెనుక మంట, గొంతులోకి పులినీరు, పొడిదగ్గు, లేచి కూర్చుంటే ఉపశమనం ఉంటే అది ఆమ్లం పైకెగదన్నడం. కొవ్వు కడుపును ఆలస్యంగా ఖాళీ చేయిస్తుంది, నిండిన కడుపుతో పడుకుంటే ఆమ్లం పైకి వస్తుంది. భోజనానికీ పడకకూ మూడు గంటల కంటే తక్కువ వ్యవధి ఉన్నవారిలో ఈ బాధ ఎక్కువని పరిశోధనల్లో తేలింది. తప్పు పెరుగుది కాదు, గడియారానిది.

తాగిన అరగంట నుంచి రెండు మూడు గంటల్లో కడుపు ఉబ్బరం, గుడగుడ, గాలి, ఒక్కోసారి విరేచనం ఉంటే అది పాలచక్కెర పడకపోవడం. చిన్నతనంలో పాలు బాగా అరిగినవారిలో కూడా పెద్దయ్యాక లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము తగ్గుతుంది, దక్షిణాదిలో ఇది సర్వసాధారణం. పాలకు ఈ బాధ వచ్చి పెరుగుకు రాకపోవడమే దీని గుర్తు. తోడు వేసినప్పుడు పాలచక్కెరలో కొంత భాగం సూక్ష్మజీవులు తినివేస్తాయి. మిగిలినది అరగడానికి కూడా అవే తోడ్పడతాయి. ఇటువంటివారికి రాత్రి పాలకంటే పెరుగే మేలు. అవ్వ చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తూ, పడుకోగానే మళ్ళీ నిద్రపడితే కారణం నీటి పరిమాణం. ప్రోస్టేట్ పెరిగిన మగవారిలో, చక్కెర అదుపులో లేనివారిలో, మూత్రవర్ధక మాత్రలు వేసుకొనేవారిలో పడుకునే ముందు పెద్ద గ్లాసుడు ఏది తాగినా ఇదే జరుగుతుంది.

మంట లేదు, ఉబ్బరం లేదు, మూత్రమూ లేదు, ఊరికే కళ్ళు తెరుచుకొని పడుకుంటున్నారా? అప్పుడు సాయంత్రం ఆరు తరువాత తాగిన టీని తలచుకోండి. కసరత్తుకు ముందు తాగే రంగునీళ్ళ పొడుల్లో కూడా కెఫీన్ దండిగా ఉంటుంది. డబ్బా వెనుక చదవండి. సాయంత్రం కెఫీన్ తాగి, రాత్రి కేసీన్ తాగి, నిద్ర రాలేదని పెరుగును తిట్టడం న్యాయం కాదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతల జాబితాలో ఉంటాయి. కాగిన మిద్దె కింద, కరెంటు పోయిన గదిలో పెరుగు తిన్నవాడూ నిద్రపోడు, తిననివాడూ నిద్రపోడు.

మీరే తేల్చుకొనే పద్ధతి

నా మాట నమ్మనక్కర లేదు. రెండు వారాలు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రెండు వారాల్లోనూ రాత్రి భోజనం ఒకే వేళకు, ఒకే తీరులో ఉండాలి. సాయంత్రం నాలుగు తరువాత టీ వద్దు. మొదటి వారం పడుకునే ముందు అలవాటైన పాలో, పెరుగో తీసుకోండి. రెండవ వారం అదే పరిమాణాన్ని రాత్రి భోజనంలోకి జరపండి, పడుకునే ముందు ఏమీ వద్దు. ప్రతి ఉదయం నాలుగు సంగతులు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ప్రతి మెలకువకూ కారణం ఏమిటి.

రెండవ వారంలో మెలకువలు స్పష్టంగా తగ్గితే మీకు పడనిది వేళ లేదా పరిమాణం. తేడా లేకపోతే పాలూ పెరుగూ నిర్దోషులు, కారణం మరెక్కడో వెతకాలి. ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పవద్దు. ఒక రాత్రి నిద్ర చెడడానికి పక్కింటి పెళ్ళి మేళం చాలు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంటివారు గమనించినా, పగలు కూర్చున్నచోటే కునుకు వస్తున్నా ఈ పుస్తకంతో కాలయాపన చేయక వైద్యుణ్ణి కలవండి.

ఎవరికి ఉపయోగం, ఎవరికి జాగ్రత్త

పడుకునే ముందు కొద్దిపాటి ఆహారం నిజంగా అక్కరకు వచ్చేవారు ఉన్నారు. ఏడింటికే రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపేసే వృద్ధులు, తెల్లవారుజామున ఆకలితో మేలుకొంటారు. జబ్బుపడి లేచినవారు ఒక్కసారిగా ఎక్కువ తినలేరు. ఇటువంటివారికి పడకకు గంట ముందు అరగ్లాసు పాలో, చిన్న గిన్నెడు మెత్తని పెరుగన్నమో ఇవ్వండి. అది రోజు మొత్తానికి కొంత కలుపుతుంది, ఆకలి మెలకువనూ తప్పిస్తుంది. అయితే కండ నిలవాలంటే దానికి తోడు పని కావాలి. గోడ పట్టుకొని కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం కూడా పనే. పని చెప్పని కండరానికి ఎన్ని గ్లాసులు పోసినా అది వినదు.

మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తుల పొడిని వైద్యుని అనుమతి లేకుండా ముట్టవద్దు. మధుమేహం ఉన్నవారు రాత్రి పాలలో చక్కెర, మాల్టు పొడి కలపవద్దు. పావు లీటరు పాలలోనే పన్నెండు గ్రాముల సహజమైన చక్కెర ఉన్నది. రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రను రాత్రి పాలతో మింగించే అలవాటు మన ఇళ్ళలో బలంగా ఉంది. పాలు ఐరన్ ఒంటబట్టడాన్ని తగ్గిస్తాయి. ఆ మాత్రకూ పాలకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

చివరిగా మనవడితో ఒక మాట. నాయనా, 2021లో ఆస్ట్రేలియాలో 13 మంది యువతీయువకులను ఒక రాత్రంతా మేలుకొలిపి ఉంచి కొలిచారు. మరునాడు వారి కండర నిర్మాణవేగం 18 శాతం తగ్గింది. నీవు గోడమీద చదివిన 22 శాతం పక్కన ఈ 18ని కూడా రాసిపెట్టుకో. పదకొండింటికి పొడి కలుపుకొని, తాగి, అర్ధరాత్రి దాకా ఫోను చూసి, తెల్లవారుజామున మైదానానికి పరుగెత్తేవాడు ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో ఒలకబోస్తున్నాడు.

అవ్వతోనూ ఒక మాట. అమ్మా, తాతకు రాత్రి పెరుగన్నం ఆపవద్దు. ఎనిమిదింటికల్లా పెట్టండి, పుల్లబడని పెరుగుతో, కారం తగ్గించి. తిన్నాక రెండు గంటలైనా కూర్చోనివ్వండి. ఆయన ఒంట్లో మిగిలిన కండకు ఆ గిన్నెడు పెరుగు అవసరం ఉంది.